ఉత్తరపు పై కిటికీల వెలుగులో ఒకటో తరగతి గది: రెండర్‌ను నిజానికి దగ్గర చేయడం

ప్రశ్న: విశాఖలో ఒక ప్రాథమిక పాఠశాల కోసం ఒకటి, రెండు తరగతుల గదికి Blender, Cycles లో రెండర్ చేస్తున్నాను. గది 7.2 × 6 మీటర్లు, ఎత్తు 3.5. ఉత్తరాన వరండా, వరండా స్లాబు పైన 60 సెం.మీ. ఎత్తున్న పై కిటికీల వరుస, అంటే క్లియర్‌స్టోరీ, దక్షిణాన మామూలు కిటికీలు. గోడల కింది భాగం నీళ్లతో కడుక్కునేలా ఉండాలన్నారు. క్లియర్‌స్టోరీ నుంచి ఎండ చారలు పడేలా పెట్టాను, గది చీకటిగా ఉందని సీలింగ్ దగ్గర ఏరియా లైటు కూడా పెట్టాను. కరస్పాండెంట్ గారు చూసి "కుర్చీలు బొమ్మ కుర్చీల్లా ఉన్నాయి, గోడలు ప్లాస్టిక్‌లా ఉన్నాయి" అన్నారు. ఎక్కడి నుంచి సరిచేయాలి?

సమాధానం:

ముందుగా ఆ ఎండ చారలను, వాటితోపాటు సీలింగ్ దగ్గరి ఏరియా లైటును తీసివేయండి. కుర్చీల సంగతీ గోడల సంగతీ ఆ తరువాతే తేలుతాయి. కరస్పాండెంట్ గారికి కనిపించిన రెండు లోపాలకూ చాలావరకు ఆ వెలుగే కారణం.

ఉత్తరం వైపు తెరుచుకున్న క్లియర్‌స్టోరీ గుండా విశాఖలో బడి వేళల్లో ఎండ లోపలికి రాదు. విశాఖ 17.7 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉంది కాబట్టి బడి వేళల్లో సూర్యుడు ఉత్తరం వైపున ఉండేది ఏడాదిలో కొన్ని నెలలే, అదీ ఉత్తరపు గోడకు దాదాపు నిటారు కోణంలో. జూన్ 21న మధ్యాహ్నం సూర్యుడి ఎత్తు 84 డిగ్రీలు ఉంటుంది. అదే రోజు ఉదయం తొమ్మిదికి సూర్యుడు 48 డిగ్రీల ఎత్తులో ఉన్నా, తూర్పుకు బాగా దగ్గరగా ఉండడం వల్ల ఉత్తరపు గోడకు ఎదురుగా లెక్కించిన నిలువు కోణం 76 డిగ్రీలు వస్తుంది. ఆ కోణానికి 60 సెంటీమీటర్ల కిటికీని పూర్తిగా నీడలో ఉంచడానికి 15 సెంటీమీటర్ల సన్‌షేడ్ సరిపోతుంది. మనవాళ్లు మామూలుగా వేసే రెండడుగుల సన్‌షేడ్ ఉంటే, జూన్‌లో ఉదయం ఏడు గంటల ఎండ కూడా అక్కడే ఆగిపోతుంది. చలికాలమంతా సూర్యుడు దక్షిణాన ఉంటాడు కాబట్టి ఆ నెలల్లో ఈ ప్రశ్నే రాదు. అందువల్ల మీ చిత్రంలో పిల్లల బల్లల మీద పడుతున్న ఆ కిరణాలు కట్టిన తరువాత ఏ రోజూ, బడి వేళల్లో ఏ గంటకూ పడవు. క్లియర్‌స్టోరీ ఇచ్చేది ఉత్తరాకాశపు మెత్తని, నీడలు పదునెక్కని వెలుగు. పిల్లలు పుస్తకం మీద వంగి రాసుకోవడానికి అంతకంటే మంచి వెలుగు లేదు, చిత్రంలో చూపించవలసిందీ దాన్నే.

సూర్యుడిని కంటి అందాజాతో తిప్పకుండా Sun Position యాడాన్‌లో ఈ విలువలు ఇచ్చి, నమూనాలో ఉత్తర దిక్కును సైట్ ప్లాను ప్రకారం సరిచూసుకోండి.

```
Latitude          17.7
Longitude         83.3
UTC Zone          5.5
Daylight Savings  off
```

భారత ప్రామాణిక కాలం 82.5 డిగ్రీల రేఖాంశం మీద ఆధారపడింది, విశాఖ దానికి అతి దగ్గరలోనే ఉంది. కాబట్టి మన గడియారానికీ సూర్యుడికీ ఏడాది పొడుగునా ఇరవై నిమిషాలకు మించి తేడా రాదు. పన్నెండు గంటలకు సూర్యుడు మీ నమూనాలో దక్షిణోత్తర రేఖకు దూరంగా కనిపిస్తే, ఎక్కడో ఒక విలువ తప్పు పడిందని వెంటనే తెలుసుకోవచ్చు.

ఎండ బొత్తిగా లేకపోతే చిత్రం చప్పగా ఉంటుందన్న మీ బెంగ సహజమే. అయితే న్యాయంగా ఎండ పడే చోటు మీ గదిలోనే ఒకటుంది, అది దక్షిణపు కిటికీల కింద. డిసెంబరు 21 ఉదయం పది గంటలను తీసుకోండి. అప్పుడు సూర్యుడి ఎత్తు 39 డిగ్రీలు దాటి ఉంటుంది, దక్షిణపు గోడకు నిలువు కోణం 46 డిగ్రీలకు కొంచెం తక్కువ. కిటికీ గడప నేల నుంచి 75 సెంటీమీటర్లు, కిటికీ ఎత్తు 1.2 మీటర్లు, సన్‌షేడ్ 60 సెంటీమీటర్లు, గోడ మందం 23 సెంటీమీటర్లు అనుకుంటే కిటికీ పైసగం సన్‌షేడ్ నీడలో ఉంటుంది, కింది సగం గుండా ఎండ వస్తుంది. ఆ ఎండ లోపలి గోడకు సుమారు 70 సెంటీమీటర్ల దూరంలో మొదలై మీటరు దాటగానే ముగిసిపోయే సన్నని పట్టీగా, కొంచెం పడమరకు వాలి నేల మీద పరుచుకుంటుంది. ఆ సన్నని పట్టీ ఒక్కటీ చాలు, గదికి ఉదయపు కళ వస్తుంది. పైగా మొదటి వరుస బల్లలను దక్షిణపు గోడకు ఎంత ఎడంగా పెట్టాలో కూడా అదే చెబుతుంది. మే నెల ఎండను మాత్రం ఎంచుకోకండి, అప్పుడు బడులకు సెలవులు.

ఇక చీకటి సంగతి. మీరు ఏరియా లైటు పెట్టవలసి వచ్చిందంటే, చాలావరకు గది బయట ఏమీ నిర్మించి ఉండరు. క్లియర్‌స్టోరీ ఉన్న గదిలో సీలింగ్‌కు ఆకాశం నేరుగా కనిపించదు. సీలింగ్ మీద ఒక బిందువు నుంచి ఆ కిటికీలోంచి చూస్తే కిందికి, అంటే వరండా స్లాబు పైభాగానికే చూపు పోతుంది. కాబట్టి సీలింగ్‌ను వెలిగించేది ఆ స్లాబు మీద పడి పైకి తిరిగివచ్చే వెలుగు. నమూనాలో స్లాబు లేకుండా, దాని చోట Sky Texture దిగువ సగం మాత్రమే ఉంటే, సీలింగ్ నల్లబడక మానదు. వరండా స్లాబును సన్‌షేడ్‌తో సహా గీయండి. దాని పైన తెల్ల సున్నం గాని, తెల్లని పెంకు ముక్కలు గాని వేస్తారని అనుకొని 0.7 పరావర్తనం ఇవ్వండి. మామూలు బూడిద రంగు కాంక్రీటుగా వదిలేస్తే 0.3 దగ్గర ఉంటుంది. ఈ రెండింటితో ఒక్కొక్క చిన్న రెండర్ చేసి పక్కపక్కన పెడితే సీలింగ్‌లో వచ్చే తేడా కళ్లకు కట్టినట్టు కనిపిస్తుంది. నేనైతే ఆ రెండు చిత్రాలను కరస్పాండెంట్ గారికే చూపిస్తాను. వరండా పైన తెల్ల పూతకు అయ్యే ఖర్చు దేనికో ఆయనకు అప్పుడు తెలుస్తుంది.

లోపల సీలింగ్‌కు 0.8, గోడల పైభాగానికి 0.6 నుంచి 0.7, నేలకు 0.25 వరకు ఉంచండి. తెలుపంటే 1.0 అని పెడితే వెలుగు ఎన్నిసార్లు తిరిగినా తరగదు, గది పాలలో ముంచినట్టు అయిపోతుంది. Diffuse బౌన్సులు మొదట 4 ఉంటాయి, వాటిని 8 చేయండి. లోతుగా ఉన్న గదిలో వెలుగు మూలలకు చేరడానికి ఆ మాత్రం అవసరం. క్లియర్‌స్టోరీ రంధ్రానికి సరిగ్గా సరిపోయే ఏరియా లైటు పెట్టి Portal గుర్తు పెట్టండి. అది సొంతంగా వెలుగు చేర్చదు, వెలుగు ఎటు నుంచి వస్తోందో రెండర్‌కు చూపించి మచ్చలను తగ్గిస్తుంది. కిటికీ అద్దానికి పూర్తి గాజు షేడర్ వాడితే లోపలికి వచ్చే వెలుగు చాలావరకు పోయి మచ్చలు మిగులుతాయి. అద్దంలో కొద్దిగా ప్రతిఫలనం కనిపించేలా ఉంచి, మిగిలినది పారదర్శకంగా వదలడం మేలు.

మీరు చూపిస్తున్న వెలుగు నిజంగా ఆ గదికి అందుతుందా లేదా అన్నది తేల్చుకోవడానికి ఒక స్థూలమైన పరీక్ష ఉంది. సూర్యుడిని ఆపి, ఆకాశానికంతటికీ ఒకే బూడిద రంగు ఇవ్వండి. ఒక తెల్ల పలకను గది మధ్య బల్ల మీద, అలాంటిదే ఇంకొకటి బయట ఏ అడ్డూ లేని చోట పడుకోబెట్టి రెండర్ చేసి, రెండింటి లీనియర్ విలువలను చదవండి. లోపలిది బయటిదానిలో ఎంత శాతమో అదే పగటి వెలుగు అంశం. మన దేశంలో ఈ లెక్కకు బయటి ఆకాశపు వెలుగును 8,000 లక్స్‌గా తీసుకుంటారు, అంటే ఒక్కో శాతం 80 లక్స్. బల్ల మీద 300 లక్స్ కావాలంటే నాలుగు శాతానికి కొంచెం తక్కువ రావాలి. ఉత్తరపు గోడ పక్కన, అంటే క్లియర్‌స్టోరీకి సరిగ్గా కింద, ఈ శాతం అన్నిటికన్నా తక్కువగా వస్తుంది. కిటికీ నెత్తిమీదే ఉన్నా ఆ గోడకు ఆకాశం కనిపించదు. చిత్రంలో ఆ గోడ కొంచెం మసకగా, ఎదుటి దక్షిణపు గోడ పైభాగం అన్నిటికన్నా కాంతిగా ఉంటే వెలుగు సరిగా ఉన్నట్టే. శాతం చాలకపోతే దాచిన లైట్లతో దాన్ని కప్పిపుచ్చకుండా, కిటికీ ఎత్తు పెంచాలని ఆర్కిటెక్టుకు ఇప్పుడే చెప్పండి. కట్టాక ఆ గదిలో కూర్చునేది ఆరేళ్ల పిల్లలు.

ఇప్పుడు కుర్చీలు. మీరు లైబ్రరీలోని పెద్దల కుర్చీని తీసుకొని 0.7 రెట్లకు తగ్గించి ఉంటారు. అలా తగ్గిస్తే ఎత్తులు చక్కగా కుదురుతాయి, అందుకే తప్పు తొందరగా దొరకదు. 45 సెంటీమీటర్ల సీటు 31 దగ్గరికి, 75 సెంటీమీటర్ల బల్ల 53 దగ్గరికి వస్తాయి. పాఠశాల ఫర్నిచర్‌కు వాడే యూరోపియన్ ప్రమాణం EN 1729 లో, 108 నుంచి 121 సెంటీమీటర్ల పొడవున్న పిల్లలకు ఇచ్చిన రెండవ సైజు కొలతలు కూడా ఇవే: సీటు 31, బల్ల 53. ఒకటో తరగతి పిల్లలు సుమారు 115 సెంటీమీటర్లు ఉంటారు కాబట్టి మీ గదికి ఆ సైజే సరైనది. మూడు నుంచి ఐదు తరగతుల గదులు కూడా మీకే వస్తే, వాటికి మూడవ సైజు వాడండి, సీటు 35, బల్ల 59.

తేడా వచ్చేది మందాల దగ్గర. కుర్చీ కాలి గొట్టం 25 మిల్లీమీటర్లు ఉన్నది 17.5 అయిపోతుంది, 18 మిల్లీమీటర్ల ప్లైవుడ్ 12.6 అవుతుంది, స్క్రూ తలలు, కాళ్ల కింద తొడిగే రబ్బరు బూట్లు, ప్లై అంచుల గుండ్రదనం అన్నీ కుంచించుకుపోతాయి. నిజంగా తయారుచేసే పిల్లల కుర్చీలో కాలు పొట్టిదవుతుంది గాని గొట్టం సన్నబడదు, ఎందుకంటే పిల్లలు దాని మీద వెనక్కి ఊగుతారు, ఎక్కి నిలబడతారు, ఒకే కుర్చీలో ఇద్దరు కూర్చుంటారు. పొట్టి కాళ్లు, మందపాటి గొట్టం, దళసరి సీటు కలిస్తేనే అది పిల్లల కుర్చీగా కనిపిస్తుంది. మందాలు కూడా తగ్గిపోతే చూపరికి అది దూరాన ఉన్న పెద్దల కుర్చీగానో, బొమ్మల కొలువులోని కుర్చీగానో అనిపిస్తుంది. కాబట్టి మొత్తాన్ని ఒకేసారి తగ్గించకుండా ఎడిట్ మోడ్‌లో కాళ్లనూ వీపునూ సీటు వెడల్పునూ విడివిడిగా కుదించి, గొట్టాన్ని 25 దగ్గర, ప్లైని 15 నుంచి 18 మధ్య ఉంచండి. లామినేట్ మీది కలప చారలు కూడా కుర్చీతోపాటు చిన్నవై ఉంటాయి, వాటినీ అసలు కొలతకు తెచ్చుకోండి.

కుర్చీలు చిన్నవని చూపరికి తెలియాలంటే పక్కన మారని కొలతలు కొన్ని కనిపించాలి. 2.1 మీటర్ల తలుపు, పిల్లల చేతికి సులువుగా అందకుండా 1.35 మీటర్ల దగ్గర బిగించిన స్విచ్‌బోర్డు, టీచరు గారి 45 సెంటీమీటర్ల కుర్చీ ఒకే చట్రంలోకి వచ్చేలా చూసుకుంటే వేరే గుర్తులు అవసరం లేదు. కెమెరాను 1.05 లేదా 1.1 మీటర్ల ఎత్తున, అంటే నిలబడిన ఒకటో తరగతి పిల్లవాడి కంటి ఎత్తున పెట్టండి. 1.6 మీటర్ల నుంచి చూస్తే బల్లల పైభాగాలే కనిపించి గదంతా కుర్రాళ్ల ట్యూషన్ సెంటరులా అయిపోతుంది. కిందికి దించిన కెమెరాలో క్లియర్‌స్టోరీ రావడానికి దాన్ని పైకి వంచకండి, వంచితే గోడలు వెనక్కి వాలతాయి. కెమెరాను సమతలంగానే ఉంచి Shift Y పెంచండి. 22 మిల్లీమీటర్ల లెన్సుతో ఆ గది హాయిగా పడుతుంది. అంతకన్నా వెడల్పు లెన్సు వాడితే అంచున ఉన్న కుర్చీలు సాగి, కష్టపడి సరిచేసిన కొలతలన్నీ మళ్లీ పాడవుతాయి.

గోడల దగ్గరికి వస్తే, కెమెరా ఎత్తు తగ్గించడం వల్ల మీకు ఒక మంచి కొలబద్ద కూడా దొరుకుతుంది. నిలువు గోడ మీద, మన కంటి ఎత్తుకు కింద ఉన్న ఏ చోటైనా కంటి ఎత్తుకు కింద ఉన్న వస్తువులనే ప్రతిఫలిస్తుంది. చూపు కిందికి వెళ్లి గోడకు తగిలితే, అక్కడి నుంచి ఇంకా కిందికే పోతుంది. కెమెరా 1.1 మీటర్ల దగ్గర ఉంది, కడిగే పూత 1.2 మీటర్ల వరకు ఉందనుకుందాం. అంటే ఆ కింది భాగంలో దాదాపు అంతటా కనిపించవలసింది బల్లల కాళ్లు, నేల, దక్షిణపు కిటికీల అడుగు భాగం, అవి కూడా అలుక్కుపోయినట్టు మెత్తగా. మూడు మీటర్ల ఎత్తున ఉన్న క్లియర్‌స్టోరీ అక్కడ పదునైన తెల్ల గీతగా కనిపించే అవకాశమే లేదు. కెమెరా దక్షిణపు గోడకు నాలుగున్నర మీటర్ల దూరంలో ఉంటే, ఆ ప్రతిఫలనం 1.9 మీటర్ల ఎత్తున, పైనున్న ఎమల్షన్ మీద, ఒక లేత వెలుగుగా పడుతుంది. మీ చిత్రంలో కింది భాగం మీద మెరుపు చారలు ఉన్నాయంటే, అవి దాచిన ఏరియా లైటువో, అవసరానికి మించిన బంప్ వల్ల వచ్చినవో అయి ఉండాలి. గోడ ప్లాస్టిక్‌లా కనిపించడానికి నాకు తెలిసి మొదటి కారణం ఇదే. రెండోది, గోడ పైనా కిందా ఒకే Roughness ఉండడం.

కడగగలిగే గోడకు మెరుపు తప్పనిసరి అనే అభిప్రాయం చాలామందికి ఉంది. పూర్తిగా మెరిసే టైలు కడగడానికి సులువే, కాని దక్షిణపు కిటికీ వెలుగు అందులో తళుక్కుమని పిల్లల కళ్లలో పడుతుంది. పూర్తిగా గరుకైన టైలులో స్కెచ్ పెన్ను సిరా పట్టుకుంటుంది. మధ్యస్థమైన శాటిన్ ముగింపు ఈ రెంటికీ మేలు. దానికి Roughness 0.3 నుంచి 0.4 వరకు, పైనున్న ఎమల్షన్‌కు 0.6 నుంచి 0.7 వరకు ఇచ్చి చూడండి. మెత్తని వెలుగులో ఈ తేడా ఒక్కటే రెండు పదార్థాలనూ విడదీసి చూపిస్తుంది, రంగులు గాఢంగా వేయవలసిన అవసరం రాదు. గాఢమైన నీలమో ఎరుపో వేస్తే, క్లియర్‌స్టోరీ వెలుగు దాని మీద పడి తిరిగి సీలింగ్‌కు ఆ రంగు పులుముతుంది.

పూత ఎత్తును కూడా పిల్లల కొలతల నుంచే తేల్చుకోవాలి. 31 సెంటీమీటర్ల సీటులో కూర్చున్న పిల్లవాడు వెనక గోడకు ఆనుకుంటే, కొబ్బరినూనె రాసిన తల నేల నుంచి 85 నుంచి 95 సెంటీమీటర్ల మధ్య తగులుతుంది. ఏ పాత బడిలోనైనా ఆఖరి వరుస వెనక గోడ చూడండి, ఆ ఎత్తున జిడ్డు పట్టీ ఉంటుంది, దాని కింద 50 సెంటీమీటర్ల దగ్గర బల్ల అంచు రాసుకున్న గీత ఉంటుంది. నిలబడిన పిల్లల తలలు 115 వరకు వస్తాయి. అందుకే 1.2 మీటర్లు సరైన ఎత్తు. 30 × 60 సెంటీమీటర్ల టైల్స్‌ను అడ్డంగా వేస్తే నాలుగు వరుసలకు ఆ ఎత్తు వచ్చేస్తుంది, ఎక్కడా టైలు కోయనక్కరలేదు. రెండర్‌లో టైలుకు టైలుకు మధ్య రెండు మూడు మిల్లీమీటర్ల సందును చిత్రంగా కాక నిజమైన లోతుతో ఇవ్వండి, టైలు అంచుకు ఒక మిల్లీమీటరు బెవెల్ చాలు. పై నుంచి వచ్చే వెలుగు ఆ అంచును పట్టుకొని సన్నగా చూపిస్తుంది. నాలుగో వరుస పై అంచు గోడ కంటే సెంటీమీటరు ముందుకు ఉంటుంది, అక్కడ సుద్దపొడి నిలవకుండా ఒక అంచు పట్టీ, బయటి మూలలకు గుండ్రని పట్టీ గీయండి.

టైలుకు బదులు ఆయిల్ పెయింటు వేద్దామని కరస్పాండెంట్ గారు అడగవచ్చు, ఖర్చు తక్కువ కాబట్టి. అది కూడా కడగదగినదే. అయితే కొత్త సిమెంటు ప్లాస్టరింగ్‌లో చెమ్మ, క్షారం ఉండగానే దాన్ని వేస్తే పూత జిగటబారి, బుడగలు లేచి, పెచ్చులుగా ఊడుతుంది. సముద్రపు గాలిలో చెమ్మ ఆరడం నెమ్మది కాబట్టి విశాఖలో ఈ బెడద మరింత ఎక్కువ. జూన్‌లో బడి తెరిచే తొందరలో ఏప్రిల్‌లో ప్లాస్టరింగ్, మే నెలలో పెయింటు అనే పద్ధతి ఇక్కడ పనికిరాదు. ఆ ప్రత్యామ్నాయాన్ని రెండర్ చేయవలసివస్తే Roughness 0.25 దగ్గర ఉంచి, రోలరు వదిలిన నారింజ తొక్క లాంటి సన్నని గరుకును బాగా తక్కువ బంప్‌తో ఇవ్వండి, టైలు సందులు లేని లోటు దానితో తీరుతుంది.

ఇవన్నీ పెట్టాక View Transform ను ఒకసారి False Color కు మార్చి చూడండి. బల్లల పైభాగం బూడిద రంగులోనో దానికి దగ్గరలోనో, క్లియర్‌స్టోరీలోని ఆకాశం ఎరుపు వైపు, బల్లల కింద నీలం వైపు ఉంటే ఎక్స్‌పోజరు కుదిరినట్టే. తిరిగి AgX కు వచ్చినప్పుడు కిటికీలో ఆకాశం కొంచెం తెల్లబారితే దాన్ని అలాగే ఉండనివ్వండి. ఆఖరున ఫ్యాన్ల కింద నేలను చూడండి. ఉత్తరపు వెలుగుకు ఫ్యాను రెక్కల నీడ నేల మీద విడిగా పడదు, పడితే నమూనాలో ఇంకా ఏదో లైటు మిగిలి ఉంది.